తడి ఫిర్యాదు

ఫోనక్క పొద్దున్నే ఆఫీసుకి రాగానే చేసే మొదటి పని నిన్నటి గ్లాసు కడగడం. రెండో పని దాన్ని తుడిచి ఫోను పక్కన పెట్టడం. ఆ తర్వాతే కుర్చీ, కళ్ళజోడు, రిజిస్టరు.

ఆమెది ప్రేక్షకుల ఫిర్యాదుల బల్ల. ఒకే కంపెనీకి రెండు టీవీ చానెళ్ళు. పై అంతస్తులో పెద్దలు చూసేది, కింది అంతస్తులో కుర్రకారు చూసేది. మెట్ల మలుపులో, రెండింటికీ మధ్య, ఈవిడ. అత్తాకోడళ్ళ మధ్య ఇరుక్కున్న మనిషి పరిస్థితే అనుకోండి. పంతొమ్మిదేళ్ళుగా చేస్తోంది కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయి ఫోనక్క అంటున్నారు.

ఆ ఫోనుకి ఒక గుణం ఉంది. అవతలి మనిషి ఊరికే కోప్పడుతుంటే ఏమీ కాదు. నిజంగా మనసు నొచ్చుకుని మాట్లాడితే మాత్రం రిసీవరు చిల్లుల్లోంచి నీళ్ళు కారతాయి. కంపెనీవాళ్ళు మూడుసార్లు ఫోను మార్చారు, లైను మార్చారు, చివరికి విసుగొచ్చి రిజిస్టరులో 'తడి / పొడి' అని ఒక గడి గీయించారు. చెవికి పెట్టుకుంటే చెవిలోకే పోతాయని ఫోనక్క సౌండు పెంచి, రిసీవరుని గ్లాసు మీద చిన్న కొక్కేనికి తగిలించి మాట్లాడుతుంది.

ఆ రోజు మాత్రం కూర్చునే సందు కూడా లేదు. మధ్యాహ్నానికి ఎనభై ఆరు ఫోన్లు.

"మీ రాత్రి కార్యక్రమం భక్తుల మనోభావాలను తీవ్రంగా గాయపరిచినది, వెంటనే నిలిపివేయాలి!"

"అలాగే రాసుకుంటానండీ. ఏ చానెల్లో చూశారు?"

"చూడలేదు. మా గ్రూపులో వచ్చింది."

"వీడియో వచ్చిందా?"

"మెసేజి వచ్చింది. చదివి చెప్పమన్నారు."

అందరిదీ అదే వాక్యం. పైగా అందరూ 'రాత్రి' అనే అంటున్నారు. వాళ్ళు తిడుతున్న ముక్క వచ్చింది పొద్దున్న ఆరూ నలభైకి. ఫోనక్క ఎవరినీ వెక్కిరించలేదు. కోపం అబద్ధం కాదు, కాకపోతే అరువు తెచ్చుకున్న కోపం. ఎనభై అయిదు గడుల్లో 'పొడి, చూడలేదు' అని రాసింది.

మిగిలిన ఆ ఒక్క ఫోను తొమ్మిదింటికి వచ్చింది. ముసలాయన గొంతు.

"కంప్లైంట్ కాదమ్మా. ఎవరికి చెప్పాలో తెలీక మీకు చేశాను. మా ఆవిడ ఇవాళ పాడలేదు."

"ఏం పాడలేదండీ?"

"దేవుడి పాట. నలభై ఏళ్ళుగా పాడుతోంది. నాలుగేళ్ళ కింద గొంతుకి ఆపరేషనైంది. అప్పట్నుంచీ బొంగురు, సగం గాలే వస్తుంది. అయినా మానలేదు. పొద్దున మీ ప్రార్థన కార్యక్రమం ముందు చేతులు జోడించుకుని కూర్చుంటుంది, అది అవగానే తను అందుకుంటుంది. ఇవాళ మధ్యలో ఒక కుర్రాడొచ్చాడు. శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని, అచ్చం మా ఆవిడలాగే బొంగురుగా కూనిరాగం తీశాడు. తర్వాత, దేవుడు కూడా వాల్యూమ్ తగ్గించుకుంటున్నాడు అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. మా ఆవిడ టీవీ కట్టేసింది. ఏమిటే అంటే, 'నిజమేగా, పాపం ఆయన్ని మాత్రం ఎందుకు విసిగించడం' అంది."

గ్లాసు నిండింది. కింది సాసరు నిండింది. రిజిస్టరు అంచు తడిసింది. ఫోనక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది, అది మాత్రం ఫోను తడి కాదు.

మూడింటికి పెద్దసారు ఒక కాగితం పట్టుకుని దిగొచ్చాడు. రెండు చానెళ్ళకీ ఆయనే అధికారి. నాలుగు మంచిమాటలకి ఒక చెడ్డమాట వినిపిస్తే రాత్రంతా నిద్రపోని రకం.

"కోతిబాబు ప్రోగ్రాం ఆపేస్తున్నాం. అతన్ని పంపించేస్తున్నాం. అయిదింటికల్లా ఫిర్యాదుల బల్ల తరఫున నీ సంతకం కావాలి. ప్రకటనలవాళ్ళు అప్పుడే అడుగుతున్నారు."

కోతిబాబు అంటే ఆ శాలువా కుర్రాడే. చిన్న చిన్న హాళ్ళలో, పది మంది ముందు, వాళ్ళలో ఆరుగురు ఫోన్లు చూసుకుంటుంటే ఆరేళ్ళు జోకులు చెప్పి ఇక్కడిదాకా వచ్చాడు. ఇది పోతే మళ్ళీ ఏ చానెలూ గుమ్మం తొక్కనివ్వదు. భక్తిని వెక్కిరించినవాడన్న ముద్ర మామూలు ముద్ర కాదు.

"మొత్తం ఒకసారి చూద్దాం సార్," అంది ఫోనక్క.

"ఎనభై ఆరు ఫోన్లు!"

"ఎనభై అయిదు పొడి సార్. నాకా ఒక్కటే అర్థం కావాలి."

ప్రీవ్యూ గదిలో నలుగురు కూర్చున్నారు: పెద్దసారు, ఫోనక్క, గోళ్ళు కొరుక్కుంటూ కోతిబాబు, ప్రోమోలు కత్తిరిస్తాడని అందరూ కత్తెర అని పిలిచే కుర్రాడు. తెర మీద కోతిబాబు ముందు తన గురించే చెప్పుకున్నాడు. పరీక్ష ముందురోజు దేవుడితో బేరాలాడిన తెలివి, పాసయ్యాక ఆయన్ని మర్చిపోయిన తెలివి. అవతల కుర్రాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు, ప్రతివాడూ అదే బాపతు కనక. తర్వాత శాలువా కప్పుకుని నాయనమ్మ అయ్యాడు. ప్రార్థన మాట ఒక్కటి కూడా వాడలేదు, ఉత్త కూనిరాగం. శాలువా తీసి మనవడయ్యాడు. "నాయనమ్మా, దేవుడు కూడా వాల్యూమ్ తగ్గించుకుంటున్నాడే!" పెద్ద నవ్వు.

"ఇక్కడే కట్ చేశా," అన్నాడు కత్తెర. "ప్రోమో ఇరవై సెకన్లే అక్కా. నవ్వు ఎక్కడ పెద్దదైతే అక్కడ కోస్తాం. శాలువా తీయడం, నాయనమ్మా అనడం కూడా లేపేశా, టైం తింటోందని."

"పై చానెల్‌కి ఎవరిచ్చారు?"

కత్తెర తల గీరుకున్నాడు. "పొద్దున ప్రార్థన మధ్యలో ఒక ఖాళీ ఉందన్నారు. లిస్టులో 'రెండు చానెళ్ళూ' అని టిక్కు పెట్టుంది. పంపేశా."

తెర మీద ఇంకా నడుస్తోంది. మనవడి మాటకి నాయనమ్మ మళ్ళీ శాలువా సర్దుకుంది. ఆమె అన్న మాటకి హాల్లో కుర్రాళ్ళందరూ లేచి నిలబడి ఈలలు. అది రికార్డులోనే ఉంది. ప్రోమోలో లేదు.

"యూత్‌కి నవ్వొచ్చింది, పెద్దలకి నొప్పొచ్చింది. అంతేగా?" అన్నాడు పెద్దసారు.

"అంతే అయితే నా ఉద్యోగం దేనికి సార్? ఆర్నెల్ల కింద ఈ పరీక్ష బేరాల ముక్కే పై చానెల్లో వేశాం, గుర్తుందా? ముసలాళ్ళు ఫోన్లు చేసి మా మనవడూ ఇంతేనని నవ్వారు. వాళ్ళకి నవ్వు రాదనుకోవడం మన తెలివితక్కువ. అక్కడ దెబ్బ కుర్రాడి తెలివికి తగిలింది. భక్తుడి తొందర మీద నవ్వొచ్చు, పిసినారితనం మీద నవ్వొచ్చు, బేరాల మీద నవ్వొచ్చు. ఒకామె కళ్ళు మూసుకుని తనకున్న గొంతుతో పాడుకుంటుంటే, దాని మీద నవ్వాలంటే చివరి మాట ఆమెది కావాలి. ఈ అబ్బాయి ఆమెకే ఇచ్చాడు. మనం కోసేశాం."

కత్తెర నేల చూపులు చూశాడు.

"ఇంకోటి. కింద చానెల్లో చూసేవాడు నవ్వుదామని, ఈ అబ్బాయిని వెతుక్కుంటూ వస్తాడు. పొద్దున ఆరూ నలభైకి చేతులు జోడించుకుని కూర్చున్న మనిషికి అది టీవీ కాదు సార్, సగం పూజగది. అక్కడికి మనమే పిలవకుండా వెళ్ళి వెక్కిరించొచ్చాం."

"సరే, స్క్రోలింగు వేద్దాం. లాయరు రాసిచ్చాడు," అని పెద్దసారు చదివాడు. "ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే చింతిస్తున్నాము."

"'ఉంటే' ఏంటి సార్? గ్లాసు నిండింది కదా!"

ఆయన ఆ చీటీ జేబులో పెట్టుకున్నాడు. అయినా మనిషి మారలేదు, గడియారం చూసుకుని, "సంతకం," అన్నాడు.

గోళ్ళు కొరకడం ఆపి కోతిబాబు అన్నాడు: "అక్కా, నా ఉద్యోగం సంగతి తర్వాత. ఆవిడకి మిగతా సగం తెలీదు. అది చెప్పి వెళ్ళిపోతా. నంబరు కలుపుతావా?"

నలుగురూ మెట్ల మలుపుకి వచ్చారు. నిండిన గ్లాసు పారబోసి రావడానికి ఫోనక్క పక్కకి తీసింది. పెద్దసారు తన కాగితాన్ని ఆ ఖాళీ చోట పరిచి, సంతకం చోటు వేలితో చూపించాడు. ఫోనక్క పెన్ను తియ్యలేదు. నంబరు కలిపింది.

ముసలాయనే ఎత్తాడు. సంగతి విని, బతిమాలి, ఫోను భార్యకిచ్చాడు. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"అమ్మా, ఆ శాలువా వాణ్ణి నేనే."

కోతిబాబు రిసీవరు వైపు వంగాడు.

"ఆ పాడింది మా నాయనమ్మమ్మా. వాల్యూమ్ మాట అన్నది నేను, నిజంగానే, పన్నెండేళ్ళప్పుడు. నా నోటిదూల. టీవీలో సగమే వేశారు."

గాలి లాంటి గొంతు వచ్చింది. "మరి... ఏమంది ఆవిడ?"

"నా చెవి మెలిపెట్టి అందమ్మా, 'తగ్గించుకుంటాడ్రా వెధవా! చిన్నగా వినపడేదాన్ని వినాలంటే దగ్గరికొచ్చి కూర్చోవాలిగా. నీలా అరిచేవాణ్ణి అక్కడెక్కడో కూర్చునే వింటాడు' అంది."

అవతల ఏదో గరగరమని చప్పుడు. ఏడుస్తోందనుకుంది ఫోనక్క. వెనకనుంచి ముసలాయన గొంతు, ఆనందం పట్టలేక: "నవ్వుతోందమ్మా! ఆపరేషనయ్యాక ఇంత నవ్వు ఇదే!"

రిసీవరు కారడం మొదలుపెట్టింది. మరీ నవ్వితే వచ్చేవీ కన్నీళ్ళే, ఆ ఫోనుకి తేడా తెలిసినట్టు లేదు. గ్లాసు లేదు కాబట్టి నీళ్ళు సూటిగా కాగితం మీద పడ్డాయి. మొదటి చుక్క కోతిబాబు పేరు మీద, రెండోది 'తక్షణమే' మీద. సిరా నీలంగా పాకింది. ఫోనక్క గ్లాసు అందుకోబోయింది గానీ పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు," అన్నాడు. "ఏదో వినిపిస్తోంది."

ఆమె పాడుతోంది. పొద్దున పాడనిది సాయంత్రం పాడుతోంది. పలుకు సగం, గాలి సగం, ఎదురుగా ఉన్నవాళ్ళకి కూడా అందనంత సన్నగా. ఫోనక్క సౌండు చివరిదాకా పెంచింది. అయినా అందలేదు.

ఆ కాగితం మళ్ళీ ఎవరూ టైపు చేయించలేదు. స్క్రోలింగులోంచి 'ఉంటే' పోయింది. ఇప్పుడు ఆ ప్రోమో ముప్పై ఎనిమిది సెకన్లు, కింది చానెల్లో మాత్రమే వస్తుంది, చివరి మాట నాయనమ్మదే. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పూట మాత్రం అందరి చెవులూ ఫోను మీదే. కత్తెర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోతిబాబు బల్ల మీద చెంప ఆనించాడు. పెద్దసారు, ఎవరి మాటా కుదురుగా వినని మనిషి, కుర్చీ ముందుకి లాక్కుని, ఇంకా వినపడక, మళ్ళీ లాక్కుని, రిసీవరుకి బాగా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.