పద్దెనిమిది వేస్తే పద్దెనిమిది

కాఫీ గింజలు వేయించే ఆయన్ని వీధిలో అందరూ ముక్కు మాస్టారంటారు. ఆ ముక్కే పోయిందని ఈ నెలలో ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. గింజ నల్లబడకముందే దించేసే లేత వేపుడు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏ వాయి చూసినా ఒకటే మాడు, పాతనూనె కంపు. మంట తగ్గించాడు, సమయం తగ్గించాడు. పదకొండు వాయిలు చెత్తబుట్ట పాలయ్యాయి. చివరికి ప్రాణం విసిగి వేపుడు మిషన్ అమ్మేశాడు. కొన్నాయన ఇద్దరు హమాలీలతో వచ్చి వెనక గదిలో దాని బోల్టులు విప్పిస్తున్నాడు.

ముందు గదిలో, కాఫీ కౌంటరు దగ్గర భార్య అంది. "ఆఖరి వాయి కదండీ, రుచి చూడరా?"

"చూసి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడు గానీ చేతులు ఊరుకోలేదు.

ఆయన పద్ధతి ఆయనది. పొద్దున్నే, నాలుక శుభ్రంగా ఉన్నప్పుడు, ఒకే ఒక్క కప్పు. సాయంత్రం బేరానికి వాడే నల్లవేపుడు గింజలను గ్రైండర్ పై డబ్బాలోంచి తీసేసి, తన గింజలు పద్దెనిమిది గ్రాములు తూచి వేస్తాడు. గ్రైండర్ గొట్టంలోంచి రాలిన పొడిని మళ్ళీ తూస్తాడు. పద్దెనిమిదే. లోపల రవ్వంత మిగల్లేదని నిశ్చింత. ఇక తప్పు ఎవరిది? వేయించినవాడిదే.

ఇవాళా అంతే. ఒక్క గుక్క తాగి కప్పు అవతలికి నెట్టేశాడు. "మాడే. పట్టుకుపోనీ."

ఆమెకు ఏడుపొచ్చింది. "పోయేముందు నాకూ ఒక కప్పు తియ్యండి. ఎప్పుడూ మీరొక్కరే తాగి తీర్పు చెప్పేస్తారు."

విసుక్కుంటూనే మరో పద్దెనిమిది వేసి కప్పు తీశాడు. ఆమె తాగి ఆయన మొహంలోకి చూసింది. "ఇందులో మాడు ఎక్కడుందండీ?"

"నన్ను ఓదార్చకు." లాక్కుని తాగాడు. నారింజ తొక్క వాసన, వెనకాలే బెల్లం తీపి. గింజ అదే, వాయి అదే, తేడా అయిదు నిమిషాలు.

గబగబా గ్రైండర్ ప్లగ్గు పీకి, పొడి జారే గొట్టంలో బ్రష్ పెట్టి కెలికాడు. మూలల్లోంచి నల్లటి జిడ్డుపొడి ఉండలుగా రాలింది.

"తూకం సరిపోయిందిగా మరి!" అంది ఆమె.

"సరిపోతుంది! మన పొడి మూడు నాలుగు గ్రాములు లోపల ఉండిపోయి, నిన్నటి నల్లపొడిని అంతే బయటికి తోస్తోంది. రాత్రంతా ఉండి కంపెత్తిన పొడి! అదే నా మొదటి కప్పులో పడుతోంది. రెండోసారికి లోపలున్నది మన పొడే."

వెనక గదిలో ఇనుము గచ్చు మీద ఈడ్చిన చప్పుడైంది. ఆయన పరుగున వెళ్ళి మిషన్ ఎత్తి తెస్తున్న హమాలీలకు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "దించండి! నేనమ్మను!"

"నిన్న మాటిచ్చారు మాస్టారూ. మీ ముక్కు పోయిందని మీరేగా అన్నారు?" అన్నాడు కొన్నాయన, కోపంగా.

"పోలేదయ్యా, పోలేదు!"

భార్య వెనకే వచ్చి నెమ్మదిగా అడిగింది. "అయితే మనం పారబోసినవన్నీ..."

"బాగానే ఉన్నాయే. పదకొండూ బాగానే ఉన్నాయి." గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

కొన్నాయన మాస్టార్ని దాటుకుని వెళ్ళడానికి మనసొప్పక, మిషన్ దించేయమని హమాలీలకు చెయ్యి ఊపాడు.