ఎడమ వైపు తలుపులు

మా మామ బయ్యన్న కోపమొస్తే అరిచే మనిషి కాదు. అరిచే మనిషైతే నాకింత భయం ఉండేది కాదు.

ఆ రోజు నా ఫోన్‌కు ఐదు ఫొటోలు పంపించి, ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ ఉత్తరం రాసిపెట్టమన్నాడు. కళ్యాణదుర్గం రోడ్డులో కల్వర్టు గోడకు కారు తగిలిందని రాయాలట. చదువుకున్న కోడలు ఇంట్లో ఉంటే అదొక సుఖం. అబద్ధం ఎవరిదైనా చేతిరాత నాదే.

ఫొటోలు చూస్తూ రాయసాగాను. ఎడమ వైపు ముందు తలుపు మీద మూడు సొట్టలు, ఒక్కోటి పిడికిలంత. వెనక తలుపు మీద రెండు. సొట్టల నడుమ పెయింటు లేచిపోయింది. వెనక కిటికీ అద్దం పగిలి ముక్కలన్నీ లోపలి సీటు మీద పడ్డాయి. గోడకు తగిలితే పొడుగ్గా గీరుకుపోవాలి, ఇక్కడ ఒక్క గీత కూడా లేదు. ఇవి రాళ్ల దెబ్బలు. శింగనమల దగ్గర పొలం తగాదాలో నా భర్త ప్రణీత్ కారు మీద రాళ్లు వేశారని ఊరంతా అనుకుంటోంది. ఇంట్లో మాత్రం ఎవరూ నోరు మెదపడం లేదు.

నేను ఉన్నదున్నట్టు రాసేశాను. ఎవరైనా కావాలని కారు పాడుచేసినా మా పాలసీలో డబ్బులొస్తాయి, కాకపోతే పోలీసు కేసు పెట్టాలి. నాకు కావలసిందీ అదే. కేసు పడితే పెద్దమనుషులు మధ్యకొస్తారు, ప్రణీత్ ఇంటిపట్టున ఉంటాడు. గోడ అని రాస్తే ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి ఆ గుండ్రటి సొట్టలు చూడగానే పట్టేస్తాడని మామకు వివరంగా చెప్పాను.

ఆయన అంతా విని, "బాగా చెప్తివమ్మా," అన్నాడు. మెచ్చుకున్నాడని సంతోషపడ్డాను కూడా, పిచ్చిదాన్ని.

మరుసటి రోజు మధ్యాహ్నం కొత్త ఫొటోలు వచ్చాయి. అదే కారు, అదే ఎడమ వైపు. ముందు తలుపు నుంచి వెనక చక్రం దాకా రేకు నలిగి, చీరుకుపోయి, సిమెంటు పొడి అంటుకుని ఉంది. నేను రాసిన సొట్టలు ఒక్కటీ మిగల్లేదు. కల్వర్టు గోడకు కారు రంగు పూసుకుపోయింది. కావాలనే తీసుకెళ్లి రుద్దించారు.

మామ వచ్చి తెల్లకాగితం నా ముందు పెట్టాడు. కావాలనే రుద్దారని తెలిస్తే సర్వేయరు ఒప్పుకోడని, డబ్బులు రావని అన్నాను.

"దుడ్లు ఎవురికి కావల్ల? కారు గోడకు తగిలిందని కాగితంలో ఉండల్ల. మనకు ఎవురితోనూ తగాదా లేదు. రేపు ఎవురన్నా వచ్చి అడిగితే ఇదే చూపిస్తాం."

రేపు వచ్చేది పోలీసులని, అడిగేది ఆ రాళ్లు వేసినవాళ్లకు ఏమైందనని అప్పుడు అర్థమైంది.

"మీ కొడుకు యాడుండాడు మామా?"

ఆయన పెన్ను నా వైపు జరిపాడు. ప్రణీత్‌కు ఫోన్ చేశాను. అది మామ జేబులో మోగింది.