తడి ఇసుకలో ఇన్సులిన్

లింగాల ఘనపూర్ పోశాలు చెయ్యెత్తితే విమానమైనా ఆగాల్సిందే. అదే ధీమాతో భార్య లచ్చవ్వను వెంటబెట్టుకొని మస్కట్‌లో నర్సుగా ఉన్న బిడ్డ దగ్గరికి బయలుదేరాడు. తన షుగరుకు వాడే ఇన్సులిన్ వేడికి చెడకుండా, ఇంట్లోలాగే సీసాలను తడి ఇసుక నింపిన చిన్న కుండలో పెట్టి చేతిసంచిలో దాచాడు.

శంషాబాద్‌లో విమానమేమీ ఆగలేదు. తనిఖీలో రెండు చేతులూ ఎత్తి నిలబడింది పోశాలే. స్కానర్‌లో కుండ కనబడగానే సంచిని పక్కకు తీశారు.

“గిదేంది తాతా?” అన్నాడు జవాను.

“ఫ్రిజ్జు సారూ. కరెంటు అక్కర్లే.”

“సూదులు సుత ఉన్నయి గదా!”

మందు లాక్కుంటే ప్రయాణం లేనట్టే. లచ్చవ్వ మందుల పెట్టెలూ, డాక్టరు ముద్ర వేసిన చీటీ ముందుకు చాపింది.

“షుగరు మందు సారూ. పెద్ద సామాన్ల ఏస్తే సలికి గడ్డకడ్తదని డాక్టరే చేతుల పట్టుకొమ్మన్నడు.”

జవాను చీటీలోని మనిషి పేరు పాస్‌పోర్టుతో, మందు పేరు సీసాతో సరిచూశాడు.

“మందు, సూదులు తీస్కపోండ్రి. తడి ఇసుక మాత్రం పోదు.”

“మరి సల్లగ ఎట్లుంటది?” అన్నాడు పోశాలు.

“లోపల ఏసీ ఉంటది. దుప్పటి నీకే కావాలె!”

ఇసుక పారబోసి, సీసాలను పెట్టెల్లో సర్దుకొని పోశాలు విమానమెక్కాడు. జవాను ఆ కుండను మజ్జిగ కోసం ఇంటికి తీసుకుపోయాడు. ఈ ఒక్క ముక్క మాత్రం నేను కల్పించింది. కుండ పోశాలు చంకలోనే మస్కట్ చేరింది.