పంపను, వచ్చి కూర్చో

మా క్లాసులో ఒక అలవాటుంది. ఎవరి ప్రోగ్రాం ముందు పనిచేస్తే వాళ్ళు దాన్ని వాట్సాప్ గ్రూపులో పడెయ్యాలి. మిగతావాళ్ళు పేర్లు మార్చుకుని తమదిగా ఇచ్చేస్తారు. పడెయ్యనివాళ్ళకి పొగరెక్కిందంటారు. నాకు ఆ పేరు రావడానికి రెండో సంవత్సరం దాకా పట్టింది. అంతకుముందు నేనూ చక్కగా పడేసినదాన్నే.

పోయిన సెమిస్టర్‌లో నా ప్రోగ్రాం నలుగురు తీసుకున్నారు. వేరియబుల్ పేర్లు మార్చారు, ఫంక్షన్లను కిందికీ పైకీ జరిపారు. ప్రోగ్రాములను పోల్చే సాఫ్ట్‌వేర్‌కి పేర్లతో పనేముంది? అది లోపలి నిర్మాణం చూస్తుంది. ఐదుగురికీ సున్నా పడింది. రాసింది నేనే మేడం అని మొత్తుకున్నాను. "ఇచ్చినా కాపీయే, తీసుకున్నా కాపీయే గౌరీ. ఇంకోసారి దొరికితే ల్యాబ్ ఫెయిల్, జూనియర్లతో కూర్చోవాలి" అన్నారు పద్మకుమారి మేడం. ఆ నలుగురిలో ఒక్కడంటే ఒక్కడు కూడా నాకు సారీ చెప్పలేదు.

ఈసారి అడిగింది శైలజ. అదే వచ్చిన చిక్కు. శైలజది పొందూరు, వాళ్ళమ్మ నూలు వడుకుతుంది. నాది సముద్రం ఒడ్డున భావనపాడు, హాస్టల్లో ఉంటాను. నాకు జ్వరమొచ్చిన వారం రోజులూ అది బస్సులో కారియర్ పట్టుకొచ్చి నా నోట్లో ముద్దలు పెట్టింది. ఇప్పుడు దానికి అమ్మవారు పోసి రెండు వారాలు కాలేజీకి రాలేదు. పాయింటర్లు, లింక్డ్ లిస్టులు, అన్నీ ఆ రెండు వారాల్లోనే అయిపోయాయి. రెండు ల్యాబ్‌లు ఎగిరిపోయాయి. సోమవారం ఇచ్చే ప్రోగ్రాంలో ఇరవైకి పది రాకపోతే దానికి ల్యాబ్ పోతుంది.

ఇద్దరికి ఒక సమస్య, కోడ్ మాత్రం ఎవరిది వాళ్ళు రాయాలని మేడం షరతు. మా ఇద్దరి సమస్య నేనే తెచ్చాను. మా పేటలో వేటకెళ్ళిన పడవలు ఒడ్డుకు వచ్చిన వరసలోనే చేపలు దించుతాయి. కానీ సముద్రంలో ఎవరి ఇంజనైనా ఆగిపోతే, దానికి తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చిన వాళ్ళ పడవకి మొదటి వంతు. అది ఆఖరున వచ్చినా సరే, ముందున్నవాళ్ళు పక్కకు జరుగుతారు. ఆ వరసను లింక్డ్ లిస్టుతో, సి భాషలో రాయాలి. ఒక్కో పడవా ఒక్కో నోడ్: పడవ పేరు, తాడు కట్టిందా లేదా, తన వెనక ఏ పడవ ఉందో చూపించే పాయింటర్.

నాది గురువారం సాయంత్రానికే పనిచేసింది. మెస్సు లైన్లో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా శైలజ మెసేజ్ వచ్చింది. "గౌరీ, నీ కోడ్ పంపవే. పేర్లు మార్సుకుంతాను." లైను వదిలేసి గోడ పక్కకు పోయి, నాలుగుసార్లు రాసి చెరిపి, చివరికి ఇది పంపాను:

"శైలూ, కోడ్ అయిపోనాది. పనిసేస్తన్నాది. నీకు పంపను. కోపమొస్తే రానీ, తిట్టుకో. పేర్లు మార్సితే ఆగదే, పోయినసారి సూసాం కదా, ఇద్దరం పోతాం. దొరక్కపోయినా మేడం ఒక లైను మీద ఏలు పెట్టి ఇదెందుకే అంటే నువ్వు బిక్కమొహం ఏసుకుని నిలబడతావు. నేను సూడలేను. రేపు నాలుగు నుంచి ఆరు దాకా లైబ్రరీ వరండాలో ఉంతాను. శనివారం తొమ్మిది నుంచి ఉంతాను. ఖాళీ ఫైలుతో వచ్చినా పర్లేదు, పాయింటర్ల కాడి నుంచి మొదలెడదాం. నీ లాప్‌టాప్, నీ ఏళ్ళు. నా ఫైలు తెరవను. నీకు వచ్చీవరకు నేను లెగను. రా."

 పది నిమిషాలకి నా మెసేజ్ ఫొటోగా మా క్లాసు గ్రూపులో ప్రత్యక్షమైంది. పెట్టింది శైలజే. నా ఒళ్ళు మండిపోయింది. కింద ధర్మేంద్ర, మా క్లాసు లీడర్, పెద్ద మనిషిలా రాశాడు: "జబ్బు పడిన పిల్లకి కూడా ఇవ్వదట. ఏటా పొగరు?" దాని కింద నవ్వు బొమ్మల జాతర. "పొగరే. ఇంకేటైనా ఉన్నాదా?" అని కొట్టి ఫోను జేబులో పెట్టుకున్నాను. అన్నం సహించలేదు, అయినా మొత్తం తిన్నాను. వీళ్ళ కోసం నేనెందుకు పస్తుండాలి?

శుక్రవారం రెండు గంటలూ వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. ధర్మేంద్ర బృందం రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, "టూషన్ ఇంకా మొదలవలేదేటి మేడమ్ గారూ?" అని నవ్వింది. నేను కదల్లేదు. ఆరింటికి లేచాను.

శనివారం తొమ్మిదిన్నరకి శైలజ వచ్చింది. ముఖం మీద మచ్చలు ఇంకా మానలేదు. బ్యాగు బల్ల మీద దబ్బున పడేసింది.

"ధర్మేంద్ర ఎవరిదో లింక్డ్ లిస్టు కోడ్ పంపాడు" అంది.

"మరి తీసుకోకపోయావా?"

"తెరిసి సూసాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపొచ్చింది. నోరుమూసుకుని సెప్పు."

చెప్పాను. అది టైపు చేసింది, నేను చేతులు కట్టుకు కూర్చున్నాను. పడవలు చేర్చే ఫంక్షన్ రాసింది, నడిపితే తెరమీద ఒక్క పేరూ రాలేదు. లిస్టు ఖాళీ. రెండు చీటీలు తీశాను. నా చీటీ మీద "మొదటి పడవ: ఎవరూ లేరు" అని రాసి, అదే దాని చీటీ మీదా రాయించాను.

"ఇప్పుడు నీ సీటీ మీద కొట్టేసి గంగమ్మ అని పడవ పేరు రాయి. నా సీటీ మీద ఏటున్నాది?"

"ఎవరూ లేరనే ఉన్నాది."

"అదే. మొదటి పడవని సూపించే పాయింటరే హెడ్. ఫంక్షన్‌కి నువ్వు పంపింది దాని నకలు. నకలు మారింది, మెయిన్ ప్రోగ్రాంలో ఉన్న అసలు మారలేదు."

నేనైతే హెడ్ ఎక్కడుందో ఆ చిరునామానే ఫంక్షన్‌కి ఇచ్చాను. ఆ సంగతి చెప్పలేదు. అది కాసేపు పెన్ను కొరికి, "మారిన హెడ్‌ని ఫంక్షనే ఎనక్కి ఇచ్చేస్తే?" అంది. అదీ సరైన దారే. రాయమన్నాను.

ఈసారి నడిపితే తెరంతా గంగమ్మ గంగమ్మ గంగమ్మ. ఆగదే! శైలజ బెంబేలెత్తిపోయి లాప్‌టాప్ మూత మూసేసింది. ముందు హెడ్‌ని కొత్త పడవ వైపు తిప్పేసి, తర్వాత కొత్త పడవ వెనక హెడ్‌ని కట్టింది. అప్పటికే హెడ్ అంటే ఆ పడవే కదా, తన తాడు తనకే కట్టుకుని కూర్చుంది. ఎక్కడ తప్పో నేను చెప్పలేదు, బొమ్మ గీయమన్నాను. మూడో బొమ్మకి అదే పట్టేసి, రెండు లైన్లూ తారుమారు చేసి, "హమ్మయ్య!" అని ఎగిరింది.

తర్వాత వచ్చే మామూలు పడవలను వరస చివర చేర్చడమూ రాసేసింది. మధ్యాహ్నం తాడు కట్టిన పడవ దగ్గరికొచ్చాం. "దాన్ని లిస్టు మొదట్లో పెట్టీడమే" అన్నాను.

"ఒకే రోజు రెండు పడవలు తాడు కట్టి తెస్తేనో? రెండోది ఒచ్చి మొదటిదాని ముందర నిలబడిపోద్ది కదే?"

"మా రేవులో అలాగవ్వదు. నేను పుట్టాక సూళ్ళేదు."

"అయితేనో?"

"నూలు వడికేవాళ్ళు మాకు సముద్రం గురించి సెప్పక్కర్లేదు గానీ, రాయి" అన్నాను.

మాట అన్నాక నాలుక కరుచుకున్నాను.  శైలజ ముఖం ముడుచుకుని తన పద్ధతిలోనే రాసుకుంది. మొదట్లో ఉన్న తాడు పడవలన్నిటినీ దాటుకుంటూ వెళ్ళి, వాటి చివర కొత్తదాన్ని కలిపేలా. నేను చూసి కూడా "అనవసరం" అన్నాను.

సోమవారం మేడం ఇద్దరినీ కలిపి పిలిచారు. అప్పటికే సాఫ్ట్‌వేర్ ధర్మేంద్రతో సహా ఆరుగురిని పట్టేసింది, ల్యాబంతా శ్మశానంలా ఉంది. మేడం నా ప్రోగ్రాంకి మూడు పడవలిచ్చారు: గంగమ్మ మామూలుది, దాని తర్వాత నూకాలమ్మ, ఆ తర్వాత పోలమ్మ. చివరి రెండూ తాడు కట్టి తెచ్చినవి. నా తెర మీద పోలమ్మ, నూకాలమ్మ, గంగమ్మ అని వచ్చింది.

"నూకాలమ్మ ముందొచ్చింది కదా. పోలమ్మ దాని నెత్తినెక్కి ఎలా కూర్చుంది?"

 మేడం అవే మూడూ శైలజ ప్రోగ్రాంకి ఇచ్చారు. నూకాలమ్మ, పోలమ్మ, గంగమ్మ. తప్పు లేదు.

మేడం కళ్ళజోడు తీసేశారు. "రెండు వారాలు క్లాసుకి రాలేదు. నాకున్న మంచి స్టూడెంట్ చెయ్యలేనిది నువ్వు చేశావా? గౌరీ, నిజం చెప్పు. బాగున్నది దీనికిచ్చి, చెడినది నువ్వు పెట్టుకున్నావా? అయితే ఇద్దరికీ సున్నాయే."

 వెనక నుంచి ధర్మేంద్ర గొంతు సవరించుకోవడం వినిపించింది. నాకు తల కొట్టేసినట్టుంది, అయినా లేచి నిలబడ్డాను.

"నేను రాసిచ్చుంటే ఆ తప్పు దాని దాంట్లోనూ ఉండేది మేడం. అది తప్పని నాకు తెలిసింది ఇప్పుడే. శనివారం శైలజ అడిగింది, రెండు పడవలొస్తే ఏటని. నూలు వడికేవాళ్ళకి ఏటి తెలుస్తాదని నోరు మూయించాను. నా మాట వినకుండా రాసుకుంది. దాన్నే అడగండి, బోర్డు మీద రాయమనండి. రాయకపోతే నన్ను జూనియర్లతో కూర్చోబెట్టండి."

అంతమంది ముందు ఆ మాట చెప్పడం నాకెంత కష్టమో దేముడికే తెలుసు. ల్యాబంతా మా వైపు తిరిగింది. మేడం శైలజ చేతికి మార్కర్ ఇచ్చి, "వంతు కోసం ఆగలేక మధ్యలో ఒక పడవ వెళ్ళిపోయింది. తీసెయ్" అన్నారు. అది మేము చదవనిది. శైలజ పెట్టెలు గీసింది, బాణాలు గీసింది. తీసెయ్యాల్సిన పడవ ముందున్నదాన్ని పట్టుకుంది, దాని బాణాన్ని వెనకున్న పడవకి తిప్పింది. మార్కర్ కింద పెట్టబోయి ఆగింది. "తీసీవలసింది మొదటి పడవే అయితే దాని ముందర ఎవరూ ఉండరు మేడం. అప్పుడు హెడ్డే మారాల" అని ఇంకో రెండు లైన్లు రాసింది.

మేడం మార్కులేశారు. శైలజకి పద్దెనిమిది. నాకు పద్నాలుగు.

బయటికి రాగానే ధర్మేంద్ర అడ్డం నిలబడ్డాడు. "ఇంత సేసి నీకే తక్కువొచ్చాయి కదేటే! ఏటి మిగిలింది నీకు?"

నేను నోరు తెరిచేలోపే శైలజ నా ముందుకొచ్చింది. "దాని పద్నాలుగూ దానివేరా. నా పద్దెనిమిదీ నావే. నీ సున్నా అయినా నీదేనేటి? అదీ ఎవడి దగ్గరో తీసుకున్నదే కదా."

తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, కోపం కూడా.

"నూలు వడికేవాళ్ళంటావా?" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే చరిచింది.