నవారు బిగించిన ఆదివారం

నేను ఒక నవారు మంచాన్ని. ఏలూరు వడ్రంగి చేతిలో టేకుతో పుట్టాను. కొత్త కాపురానికని తారకేశ్వర్రావు నన్ను కొని, రిక్షాలో తెచ్చుకున్నాడు. మనుషులు తలుపు గడియ వేసుకుని మరీ గుసగుసలాడతారు. మంచం వింటుందని మాత్రం ఒక్కరికీ తోచదు!

నవారు అప్పుడప్పుడూ వదులవుతుంది. బిగించడం ఒక్కరి వల్ల కాదు. ఒకరు లాగాలి, రెండోవాళ్లు అది జారకుండా అదిమి పట్టుకోవాలి. ఇద్దరూ తల వంచుకునే ఉంటారు కనుక మొహాలు కనబడవు. అందుకే వాళ్లింట్లో కష్టమైన మాటలన్నీ ఆ పని మధ్యలోనే వచ్చేవి. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది.

పెళ్లయిన ఇరవయ్యారేళ్లకు, ఒక ఆదివారం అలా బిగిస్తూనే భార్య ఇందుమతి అంది. "ఏమండీ, నా మనసు ఆడవాళ్ల వైపే పోతుందేమో అనిపిస్తోంది. కచ్చితంగా తెలీదు. మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను."

ఆయన చేతిలో నవారు జారిపోయింది. "ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. కాలేజీలో నాతో చదివిన సుభాషిణి పెళ్లయి వెళ్లిపోతే నాకు అన్నం సయించలేదు. స్నేహమనుకున్నాను. ఇప్పుడలా అనిపించట్లేదు."

"మరి మన కాపురం? అంతా నటనేనా?"

"కాదండీ. మీరంటే ఇష్టం, అది నిజం. ఏ రకం ఇష్టమో నాకే అర్థం కావట్లేదు."

ఆ తర్వాత ఆయన సొంతింట్లోనే చుట్టంలా మసిలాడు. ఒకరోజు వడ్రంగిని పిలిచి, నన్ను రెండు మంచాలుగా కోసెయ్యమన్నాడు. ఆ మహానుభావుడి లెక్కలో అది త్యాగం! రంపం చూసి నా కోళ్లు వణికాయి. సమయానికి ఇందుమతి వచ్చింది.

"నేనింకా వెతుక్కుంటుంటే మీరే తేల్చేశారా? నన్నడగక్కర్లేదా?"

ఆయన నా మీద కూలబడి ఏడ్చాడు. "నువ్వెళ్లిపోతావని భయం ఇందూ. ఆ మాట నీ నోట వినలేక నేనే ముందు తెంచేద్దామనుకున్నా."

వడ్రంగి సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. వీళ్లిద్దరూ విజయవాడలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లొచ్చారు. ఇది జబ్బు కాదని, మందులతో మార్చేది కాదని, పేరు పెట్టడానికి తొందరేమీ లేదని ఆవిడ చెప్పిందట. ఆయన బాధ కూడా బాధేనని, దాన్ని దాచుకోవద్దని కూడా అందట. ఇందుమతి సరే అనేదాకా ఎవరికీ చెప్పకూడదనీ, ఇద్దరికీ ఇష్టమైతేనే ముట్టుకోవాలనీ నా మీద కూర్చునే ఒప్పందం చేసుకున్నారు. కొన్ని రాత్రులు ఆయన హాల్లో పడుకున్నాడు. కొన్ని రాత్రులు ఇందుమతే చెయ్యందించింది. పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు కూడా.

ఇప్పుడు నేను వెనక వరండాలో ఉన్నాను. లోపలికి విడివిడి మంచాలు ఇద్దరూ కలిసే ఎంచుకుని తెచ్చారు. నాకు కష్టంగానే ఉంది, దాచడమెందుకు?

నిన్న సాయంత్రం టీ గ్లాసులతో వచ్చి నా మీద కూర్చున్నారు.

"నాకు తేలిందండీ," అంది ఇందుమతి. "ఆడవాళ్లే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"చెప్పడానికి భయమేసిందా?"

"ఈసారి వెయ్యలేదు."