రెండు చుక్కలు ఎక్కువ

పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తున్న ఆర్మరర్ ముందు ఆ ఉదయం అల్లుడి పిస్టల్ పెట్టారు. పోలీసుగా పనిచేసే అల్లుడు ఎదురుకాల్పుల్లో చనిపోయి నాలుగు రోజులైంది. అతను కాల్చిన ఒక గుండు పేలింది. ఖాళీ తూటా గొట్టం బయటికి ఎగిరిపోకుండా, పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్ మధ్య నిలువుగా ఇరుక్కుంది. రెండోసారి కాల్చేలోపు ఎదుటివాడు కాల్చేశాడు.

"పట్టు సడలింది. భయంతో మణికట్టు మెత్తబడితే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, గొట్టం ఇరుక్కుంటుంది. అంతేగా?" అన్నాడు విచారణాధికారి.

"అలాగూ అవుతుంది సార్. తూటాలో మందు తక్కువైనా అవుతుంది. చూసి చెప్తాను."

తప్పు చచ్చినవాడి మీదికి తోసేస్తే ఎవరూ అడగరు. కానీ కూతురు నాలుగు రోజులుగా అడుగుతున్నది ఒకటే మాట: "ఆయన చెయ్యి వణికిందా నాన్నా?"

అవే తూటాలు వేరే పిస్టల్‌లో వేసి కాల్చాడు. పదికి పదీ పేలాయి, గొట్టాలు చక్కగా ఎగిరిపడ్డాయి. తప్పు తూటాలది కాదు. అల్లుడి పిస్టల్‌ని రెండు చేతులా ఉడుంపట్టు పట్టి కాల్చాడు. మూడో గుండుకే గొట్టం నిలువుగా ఇరుక్కుంది. తప్పు పట్టుది కూడా కాదు.

స్లైడ్ ఊడదీశాడు. కాలిన గొట్టం అంచును పట్టి లాగే చిన్న కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, దాని కింద నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది. కొక్కెం గొట్టాన్ని గట్టిగా పట్టుకోలేకపోతోంది. నూనె ఎక్కువైతే మందు మసి, దుమ్ము అందులో అంటుకుని ఇలా పేరుకుంటాయి. కొత్తగా చేరినవాళ్లకి ఆయన చెప్పే మొదటి పాఠమే అది.

ఆయన చేతులు ఆగిపోయాయి. ప్రతి వారం అల్లుడు పిస్టల్ తెచ్చేవాడు. ఊడదీసి తుడిచే ఓపిక లేని రోజున కూడా ఈయన పైనుంచి నూనె వేసి ఇచ్చేవాడు.

"ఇంత నూనె రాశారుగా, జడ కూడా వెయ్యండి మామయ్యా!" అని నవ్వేవాడు అల్లుడు.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాసి, కింద సంతకం పెట్టాడు. దాన్ని అధికారికి అందించాడు.

ఇంటికెళ్లేసరికి కూతురు గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"వణకలేదమ్మా. నీ మొగుడి పట్టులో ఏ లోపమూ లేదు. లోపలి జిడ్డు తియ్యకుండా నేనే నూనె వేస్తూ వచ్చాను."

ఆమె మొహంలో ముందు ఊరట కనిపించింది. తర్వాత అది కూడా పోయింది. తండ్రి చేతుల వంకే చూస్తూ అడిగింది.

"అందరి పిస్టళ్లకీ అంతే వేశావా నాన్నా?"

ఆయన ఆమె పక్కన గుమ్మంలో కూర్చున్నాడు.

"లేదమ్మా. మన పిల్లాడిదని దానికే రెండు చుక్కలు ఎక్కువ వేసేవాణ్ణి."