కనబడిపోయిన చిరునామా

"ఏమే, నువ్వు చేసిన వెబ్‌సైట్ ఏం బాగోలేదంట!" ఫోన్లో అక్క నవ్వుతోంది. "ఎవడో నన్ను పేరు పెట్టి పిలిచి, మేమైతే ఇంతకంటే అందంగా చేసిస్తాం మేడమ్ అంటున్నాడు. పొద్దున్నించీ ఇలాంటి ఫోన్లే."

చెల్లెలికీ నవ్వొచ్చింది. వాళ్లకూ వీళ్లకూ వెబ్‌సైట్లు కట్టిపెట్టడమే ఆమె బతుకుతెరువు. సొంత అక్కనే ఎగరేసుకుపోదామని చూస్తున్నారంటే కాస్త రోషం కూడా వచ్చింది.

"ఏ నంబర్‌కి చేశారక్కా?"

"నాకున్నది ఒక్క నంబరేగా."

చెల్లెలు నవ్వు ఆపేసింది. ఆ నంబర్ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఒకప్పుడు తను బావా అని నోరారా పిలిచిన మనిషి, అక్కను ఎక్కడున్నా వెతికి పట్టుకుంటానని కోర్టు మెట్ల మీదే అన్నాడు. అందుకే అక్క ఊరు మారింది, ఇల్లు మారింది, నంబర్ మార్చింది. గుడ్డబొమ్మలు కుట్టి వెబ్‌సైట్లో అమ్ముతుంది గానీ అందులో తన పేరుండదు, ఫొటో ఉండదు. పార్సిళ్లు కూడా చెల్లెలి ఆఫీసు నుంచే వెళ్తాయి.

"మళ్లీ చేస్తానక్కా" అని ఫోన్ పెట్టేసి, డొమైన్లు, అంటే వెబ్‌సైటు పేర్లు, ఎవరివో వివరాలు చూపించే పేజీ తెరిచింది. ఎవరైనా తెరవచ్చు దాన్ని. తాళం లేదు, అడిగేవాడు లేడు. బొమ్మల సైటు పేరు కొట్టగానే వచ్చేసింది: అక్క పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోను, ఈమెయిలు. గుమ్మానికి బోర్డు కట్టినంత స్పష్టంగా ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసింది. డొమైన్ ఎవరిదైతే వాళ్ల వివరాలే, నిజమైనవే ఇవ్వాలి. దొంగ వివరాలిస్తే ఆ డొమైనే చేజారిపోవచ్చు. కస్టమర్ల డొమైన్లు తమ పేరున రాయించుకుని, తర్వాత పీకమీద కూర్చునే డిజైనర్లంటే ఆమెకు ఒళ్లుమంట. అందుకే అక్కది అక్క పేరునే రాయించి, ప్రైవసీ పెట్టించింది. అది ఉన్నన్నాళ్లూ బయటివాళ్లకు ప్రైవసీ సంస్థ చిరునామా, వాళ్ల ఈమెయిలే కనబడేవి. కొన్ని రకాల డొమైన్లకు ఈ వివరాలు వాటంతటవే మరుగున పడతాయి. అక్కది ఆ రకం కాదు.

పోయిన నెల ఆ డొమైన్‌ను, డొమైన్లు అమ్మే ఇంకో కంపెనీకి మార్చింది. మార్చే ముందు ప్రైవసీ తీసేయమని పాత కంపెనీ అడిగితే తీసేసింది. కొత్తచోట దాన్ని మళ్లీ విడిగా ఎంచుకోవాలి. సరిగ్గా అప్పుడే ఇంకో కస్టమర్ ఫోన్ చేసి లోగో ఇంకా పెద్దది కావాలని ప్రాణం తీశాడు. ఆ గోలలో ఈ పని గాలికిపోయింది. లోగోలకు ఎంత స్థలమిచ్చినా చాలదు ఈ మహానుభావులకు!

వెంటనే ప్రైవసీ పెట్టింది. పేజీ మళ్లీ తెరిచి చూసింది. అక్క పేరు పోయింది, ఇంటి నంబరు పోయింది. కానీ ఊపిరి పీల్చుకోలేకపోయింది. ఈ వివరాలను ఎప్పటికప్పుడు దించుకుని దాచిపెట్టుకునేవాళ్లున్నారు, అమ్ముకునేవాళ్లున్నారు. అక్కకు ఫోన్లు చేసినవాళ్లకు నంబర్ అలాగే దొరికుంటుంది. ఆ కాపీలను తుడిపేయడం తన తరం కాదు.

ఇది ఫోన్లో చెప్పే మాట కాదని అక్క ఇంటికి పరిగెత్తింది. దారిలో ఆగి ఉన్న ప్రతి కారులోకీ తొంగిచూసింది.

చెప్పడం పూర్తయ్యేసరికి అక్క కుట్టుమిషను ఆపేసింది.

"అతను చూశాడా?"

"తెలీదక్కా. ఎవరు చూశారో తెలిసే దారి లేదు."

"ఎన్నాళ్లుంది అలా?"

"నెల రోజులు... నన్ను తిట్టక్కా. నాలుగు తగిలించినా పడతాను."

అక్క తిట్టలేదు. లేచి తలుపు గడియ వేసింది, కిటికీ పరదా లాగింది. చెల్లెలికి అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

వారం తిరక్కుండానే ఇంటి ముందు వ్యాన్ ఆగింది. ఈలోపు అతను రాలేదు, ఫోనూ చేయలేదు. అయినా గుమ్మంలో అడుగుల చప్పుడైతే చాలు, అక్క ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. బొమ్మల పెట్టెలన్నీ చెల్లెలే మోసింది. చివరిది ఎక్కించి చెమట తుడుచుకుంది.

"కొత్త ఇల్లెక్కడక్కా? నేనూ వస్తాను, సర్దిపెడతా."

అక్క ఆమె చెంప నిమిరింది.

"వద్దులేవే. నేనే ఫోన్ చేస్తుంటా."

"అడ్రసైనా చెప్పవా?"

"నీమీద కోపం లేదే, ఒట్టు. నీకు తెలియకపోతే నువ్వెక్కడా రాయలేవు కదా."

వ్యాన్ కదిలింది. అది ఎటు తిరుగుతుందో చూడకుండా చెల్లెలు తల దించుకుంది.